చీమకుర్తి గ్రానైట్ స్లాబుల ఎగుమతి: ఫార్వర్డర్‌కు షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ పంపడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీల్లో ఎగుమతి కాగితాలు చూసుకునేవారు నెల తిరగకుండా మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలకు సమాధానాలివి. ఉదాహరణ అవసరమైన ప్రతిచోటా ఒకే సరుకును తీసుకున్నాను. అది పోలెండ్‌లోని గ్డాన్స్క్ రేవుకు ఒక 20 అడుగుల కంటైనర్‌లో వెళ్ళే 2 సెంటీమీటర్ల మందం గల పాలిష్ గెలాక్సీ గ్రానైట్ స్లాబులు. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకోవచ్చు.

## రాయడానికి ముందు

ఓడలో చోటు బుక్ చేయమని ముందే మెయిల్ పెట్టాం కదా, మళ్ళీ ఈ షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ ఎందుకు?

బుకింగ్ మెయిల్ ఓడలో చోటు కోసం. షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ బిల్ ఆఫ్ లేడింగ్ కోసం, అంటే సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే బీఎల్ అనే పత్రం కోసం. మీరు పంపిన కాగితంలో ఏ అక్షరాలు ఉంటే ఆ అక్షరాలే బీఎల్ మీదికి ఎక్కుతాయి. సరుకు రవాణా ఏర్పాట్లు చేసే ఫార్వర్డర్ ఆఫీసులో కూర్చున్న డాక్యుమెంటేషన్ గుమాస్తాకు మీ కొనుగోలుదారు ఎవరో, మీ బ్యాంకు ఏమడిగిందో తెలియదు. అతను మీ కాగితం చూసి టైపు చేస్తాడు, అంతే. అందువల్ల దీన్ని ఒక సమాచార లేఖగా కాకుండా, మీరే రాసి ఇస్తున్న బీఎల్ ముసాయిదాగా భావించి రాయాలి.

బుకింగ్ సమయంలో రాసిన వివరాలు ఉజ్జాయింపుగా ఉన్నా నడుస్తుంది. ‘సుమారు 24 టన్నులు, వచ్చే వారం’ అంటే ఫార్వర్డర్ చోటు పట్టి ఉంచుతాడు. ఇన్‌స్ట్రక్షన్స్‌లో మాత్రం ‘సుమారు’ అనే మాటకు చోటు లేదు. ఓడ కంపెనీ దీనికి వేరుగా ఒక గడువు పెడుతుంది. రేవు గేటు మూసే సమయం వేరు, ఇన్‌స్ట్రక్షన్స్ అందవలసిన సమయం వేరు. బుకింగ్ ఖరారు పత్రంలో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి కాబట్టి రెండింటినీ గోడమీది క్యాలెండర్‌లో రాసుకోండి.

మాది ఎఫ్‌ఓబీ ధర. ఫార్వర్డర్‌ను కొనుగోలుదారే పెట్టుకున్నాడు. అప్పుడు కూడా మేమే రాసివ్వాలా?

మీరే రాసివ్వాలి, ఇంకొంచెం జాగ్రత్తగా రాయాలి. ఎఫ్‌ఓబీలో ఓడ కిరాయి కట్టేది కొనుగోలుదారు కాబట్టి ఆ ఫార్వర్డర్ సహజంగానే అతని మాట వింటాడు. మీకు ఇంకా 70 శాతం డబ్బు రావలసి ఉన్నప్పుడు, ఒరిజినల్ బీఎల్ ఎవరి చేతికి వస్తుందన్నదే మీకున్న ఏకైక పట్టు. షిప్పర్‌గా మీ ఫ్యాక్టరీ పేరే ఉండాలని, మూడు ఒరిజినల్స్ మీకే అందజేయాలని, మీ లిఖితపూర్వక అనుమతి లేకుండా సరుకు విడుదల చేయరాదని ఇన్‌స్ట్రక్షన్స్‌లోనే ఒక వాక్యం రాయండి. ఫోనులో చెప్పిన మాటకు తరువాత విలువ ఉండదు.

## సరుకు సిద్ధమయ్యే తేదీ

పాలిష్ పని పూర్తయ్యే తేదీ రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువ తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. సరుకు సిద్ధమయ్యే తేదీ అంటే, ఖాళీ కంటైనర్ వచ్చి ఫ్యాక్టరీ ముందు నిలబడితే ఆ గంట నుంచే ఎక్కించడం మొదలుపెట్టగలిగిన రోజు. పాలిష్ లైన్ మీది నుంచి చివరి స్లాబు దిగిన రోజుకూ ఈ రోజుకూ మధ్య చాలా పని ఉంటుంది. స్లాబులు ఆరాలి, కొనుగోలుదారు తరఫు మనిషి వచ్చి చుక్కల తీరు, అంచులు, పగుళ్ళు చూడాలి, తిరస్కరించినవాటి స్థానంలో వేరేవి పెట్టాలి, ఒక్కో స్లాబు కొలత రాసుకోవాలి, మెరుగు ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర వేసి చెక్క ఫ్రేముల్లో బిగించాలి, బండిల్ నంబర్లు రాయాలి.

తనిఖీ రోజున 76 స్లాబుల్లో నాలుగు పక్కన పెట్టారనుకోండి. అదే బ్లాకు నుంచి కోసిన స్లాబులు మిగిలి ఉంటే గంటలో సరిపోతుంది. లేకపోతే గ్యాంగ్‌సా రంపం మీద మరో బ్లాకు కోత పూర్తయ్యేదాకా ఆగాలి. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, తనిఖీ ముగియకముందు ఖరారు తేదీ ఎవరికీ ఇవ్వకూడదు. అప్పటిదాకా ఇచ్చేది అంచనా తేదీ అని స్పష్టంగా రాసి, తనిఖీ సంతకం పడిన రోజు సాయంత్రమే ఖరారు తేదీ పంపడం మంచిది.

ఓడ తేదీ నుంచి వెనక్కి ఎలా లెక్క వేసుకోవాలి?

ఓడ బయలుదేరే రోజు నుంచి కాదు, రేవు గేటు మూసే గంట నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మన సరుకు సాధారణంగా చెన్నై వైపు రేవులకు వెళుతుంది. చీమకుర్తి నుంచి దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఖాళీ కంటైనర్ కూడా అక్కడి యార్డు నుంచే రావాలి కాబట్టి ఈ దూరాన్ని రెండుసార్లు లెక్కించాలి.

ఓడ శనివారం, గేటు గురువారం సాయంత్రం 6 గంటలకు మూస్తారనుకుందాం. నిండు కంటైనర్ బుధవారం రాత్రికే రేవు దగ్గరికి చేరి ఉంటే గురువారం పగలంతా చేతిలో మిగులుతుంది. ఆ మిగులు ఉండి తీరాలి. అంటే బుధవారం తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి బయలుదేరాలి. మంగళవారం ఎక్కింపు, బిగింపు, సీలు, కాటా. మంగళవారం ఉదయానికి ఖాళీ కంటైనర్ రావాలంటే సోమవారం మధ్యాహ్నానికి అది యార్డు వదలాలి. కాబట్టి మీ సరుకు సోమవారం సాయంత్రానికి సిద్ధం కావాలి. ఇన్‌స్ట్రక్షన్స్‌లో రాయవలసిన తేదీ ఆ సోమవారమే. తేదీ పక్కన గంట కూడా రాయండి. ‘సోమవారం’ అంటే లారీ యజమానికి సోమవారం ఉదయం, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌కు సోమవారం రాత్రి.

ఎల్‌సీ, అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, ఉన్న సరుకైతే ఇంకో తేదీ కూడా సరిచూడాలి. ఎల్‌సీలో రాసిన ఆఖరి షిప్‌మెంట్ తేదీని బ్యాంకు పోల్చి చూసేది బీఎల్ మీది ఆన్‌బోర్డ్ తేదీతో. కంటైనర్ రేవులోకి వెళ్ళిన తేదీతో దానికి సంబంధం లేదు. గురువారం గేటు దాటినా ఓడ ఆదివారం ఎక్కించుకుంటే లెక్కలోకి వచ్చేది ఆదివారమే.

వాన పడి పని ఆగింది. తేదీ తప్పేలా ఉంది. ఎప్పుడు చెప్పాలి?

ఖాళీ కంటైనర్ యార్డు నుంచి కదలకముందే చెప్పాలి. అంతకు ముందు చెబితే చాలావరకు ఒక మెయిల్‌తో పోతుంది, బుకింగ్ తరువాతి ఓడకు మారుతుంది. కదిలిన తరువాత చెబితే లారీ నిలుపుదల రోజుకింత, కంటైనర్‌కు ఉచితంగా ఇచ్చిన రోజులు దాటితే డిటెన్షన్ రోజుకింత, రెండూ మీ ఖాతాలోనే పడతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వాయుగుండం పేరు వినబడని నెల ఉండదు. క్వారీ గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, జాతీయ రహదారి మీద నెల్లూరు దగ్గరో సూళ్ళూరుపేట దగ్గరో లారీలు ఆగిపోతాయి. ఆ మూడు నెలల్లో వేసే తేదీకి రెండు రోజులు అదనంగా కలుపుకోండి. కొనుగోలుదారుకు కూడా ఆ తేదీనే చెప్పండి. ఒకటి చెప్పి ఇంకొకటి రాస్తే అతను తన దగ్గర క్రేన్‌ను, గోదామును తప్పుడు రోజుకు ఏర్పాటు చేసుకుంటాడు.

## కన్సైనీ, నోటిఫై పార్టీ

కన్సైనీ గడిలో కొనుగోలుదారు పేరు రాస్తే తప్పేముంది?

కన్సైనీ అంటే సరుకు అందుకోవలసినవారిగా బీఎల్ మీద రాసే పేరు. డబ్బు మొత్తం ముందే వచ్చి ఉంటే తప్పేమీ లేదు, అదే సులువు. డబ్బు రావలసి ఉంటే మాత్రం ఆలోచించాలి. కన్సైనీగా ఒకరి పేరు నేరుగా రాసినప్పుడు ఆ బీఎల్‌ను వేరొకరికి ఎండార్స్ చేయడం కుదరదు. బీఎల్‌కు బదులు సీ వేబిల్ తీసుకున్నారంటే ఒరిజినల్ కాగితం చూపించకుండానే ఆ పేరు గలవారు సరుకు తీసుకుపోవచ్చు. అప్పుడు మీ చేతిలో ఇన్వాయిస్ తప్ప ఏమీ మిగలదు.

`TO ORDER` అని రాస్తే బీఎల్ వెనక షిప్పర్‌గా మీరు సంతకం చేసి ముద్ర వేస్తేనే అది కదులుతుంది. డబ్బు వచ్చాక ఎండార్స్ చేసి పంపవచ్చు. కొనుగోలుదారు మాట తప్పితే వేరే కొనుగోలుదారును వెతుక్కునే దారి కూడా ఉంటుంది. గెలాక్సీకి అక్కడ మరో గిరాకీ దొరుకుతుంది. కంటైనర్‌ను వెనక్కి తెప్పించుకోవడం కంటే అది ఎంతో మేలు. 30 శాతం అడ్వాన్స్, మిగతాది కాగితాల మీద అనే ఒప్పందంతో కొత్త కొనుగోలుదారుకు పంపేటప్పుడు నేను `TO ORDER` తప్ప వేరే మాట రాయనివ్వను.

ఎల్‌సీలో ‘ఇష్యూయింగ్ బ్యాంక్ ఆర్డర్‌కు’ అని ఉంది. గడిలో ఏం రాయాలి?

ఎల్‌సీలో ఉన్న వాక్యాన్ని చుక్క, కామా కూడా మార్చకుండా ఎత్తి రాయాలి. `TO ORDER OF` అన్న మాట తరువాత బ్యాంకు పూర్తి పేరు, ఎల్‌సీ అడిగితే శాఖ చిరునామా రాయాలి. ‘ఆర్డర్ ఆఫ్’ వదిలేసి బ్యాంకు పేరు మాత్రమే రాస్తే అర్థమే మారిపోతుంది, కాగితాలు తిరిగి వస్తాయి.

చిరునామాల విషయంలో చాలామంది ఒక నియమాన్ని సగమే గుర్తుపెట్టుకుంటారు. ఎల్‌సీలను నడిపించే యూసీపీ 600 నియమావళి 14వ అధికరణం ప్రకారం, ఇన్వాయిస్ వంటి కాగితాల్లో చిరునామా ఎల్‌సీతో అక్షరాలా కలవకపోయినా దేశం ఒకటే అయితే చాలు. కానీ బీఎల్ మీద కన్సైనీగానో నోటిఫై పార్టీగానో ఎల్‌సీ తెరిచిన కొనుగోలుదారు చిరునామా, ఫోను వివరాలు వస్తే అవి ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలి. ఎల్‌సీలో ఇంటి నంబరు తప్పుగా పడి ఉంటే, మీరు మంచి ఉద్దేశంతో సరిచేసి రాసినా అది తేడా కిందికే వస్తుంది. ఆ తప్పును ఎల్‌సీ సవరణ ద్వారానే సరిచేయించాలి. అలాగే షిప్‌మెంట్ జరిగిన 21 రోజుల లోపు, ఎల్‌సీ ఇంకా తక్కువ గడువు పెడితే ఆ లోపు, కాగితాలు బ్యాంకులో ఇవ్వాలి కాబట్టి ఒకసారి తిరిగి వస్తే మళ్ళీ సరిచేసి ఇచ్చేందుకు ఎక్కువ వ్యవధి దొరకదు.

నోటిఫై పార్టీ అంటే సరుకు హక్కుదారా? ‘సేమ్ యాజ్ కన్సైనీ’ అని రాస్తే చాలదా?

నోటిఫై పార్టీకి సరుకు మీద ఏ హక్కూ ఉండదు. ఓడ వస్తున్నదని కబురు అందవలసిన వ్యక్తి అతను, అంతే. అయితే ఆ కబురు అందకపోతే సరుకు రేవులో పడి ఉంటుంది, అద్దె పెరుగుతూ ఉంటుంది. కన్సైనీ గడిలో `TO ORDER` ఉన్నప్పుడు నోటిఫై గడిలో ‘సేమ్ యాజ్ కన్సైనీ’ అని రాస్తే ఓడ కంపెనీకి ఎవరికి కబురు చేయాలో తెలిసే దారే లేదు.

మాకు ఒకసారి జరిగింది చెబుతాను. నోటిఫై పార్టీగా కొనుగోలుదారు పేరు, చిరునామా సరిగ్గానే రాశాం. మెయిల్ చిరునామా మాత్రం రెండేళ్ళ కిందటి పాత ఇన్వాయిస్ నుంచి ఎత్తి రాశాం. ఆ మెయిల్ వాడుతున్న ఉద్యోగి అప్పటికే పని మానేశాడు. ఓడ రాక నోటీసు ఆ పాత పెట్టెలోకి వెళ్ళింది. కొనుగోలుదారు ఓడ ఇంకా రాలేదనుకున్నాడు, మేము అతను సరుకు తీసుకుపోయాడనుకున్నాం. 11 రోజుల తరువాత రేవు అద్దె బిల్లు చూశాకే ఇద్దరికీ తెలిసింది. ఆ బిల్లులో సగం మేము భరించాం. అప్పటి నుంచి ప్రతి షిప్‌మెంట్‌కూ నోటిఫై వివరాలు ఆ వారమే కొనుగోలుదారుతో రాయించుకుని ఆ మెయిల్ ప్రతిని ఫైల్లో పెడుతున్నాం.

కొనుగోలుదారు తన కస్టమ్స్ ఏజెంట్‌ను నోటిఫై పార్టీగా రాయమంటే రాయవచ్చు. చాలా ఫారాల్లో రెండో నోటిఫై పార్టీకి కూడా గడి ఉంటుంది. ఒకదానిలో కొనుగోలుదారును, రెండోదానిలో ఏజెంట్‌ను రాయడం మేలు. ఎల్‌సీ ఉంటే మాత్రం అది ఎవరిని చెబితే వారే.

యూరప్ కొనుగోలుదారు ఏదో నంబరు రాయమంటున్నాడు. అదేమిటి?

అది ఈఓఆర్‌ఐ నంబరు, యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ దగ్గర ఆ సంస్థకు ఉన్న గుర్తింపు. పోలెండ్ సంస్థలకు అది పీఎల్ అక్షరాలతో మొదలవుతుంది. 2024 నుంచి సముద్ర మార్గంలో యూరప్ వెళ్ళే సరుకుకు ఐసీఎస్2 అనే ముందస్తు భద్రతా ప్రకటన వచ్చింది. ఓడ ఎక్కించే ముందే ఈ నంబరు, కనీసం ఆరు అంకెల హెచ్ఎస్ కోడ్, వస్తువు వివరణ దానిలోకి ఎక్కాలి. ‘స్టోన్స్’ అని రాస్తే ఆ వ్యవస్థ ఒప్పుకోదు. ‘పాలిష్ చేసిన గ్రానైట్ స్లాబులు, 2 సెంటీమీటర్లు’ అన్న అర్థం వచ్చేలా రాయాలి. కోడ్ మీరు ఇక్కడి కస్టమ్స్‌కు దాఖలు చేసే షిప్పింగ్ బిల్లులో ఉన్నదే కావాలి. రెండు చోట్లా రెండు కోడ్‌లు పడితే అక్కడి కస్టమ్స్ ప్రశ్న వేస్తుంది.

ఫార్వర్డర్ పంపిన రెండు బీఎల్‌లలో కన్సైనీలు వేరువేరుగా ఉన్నారు. ఇది తప్పా?

తప్పు కాదు. ఫార్వర్డర్ మీకు ఇచ్చేది హౌస్ బీఎల్. దానిలో మీరు చెప్పిన కన్సైనీ ఉంటాడు. ఓడ కంపెనీ ఫార్వర్డర్‌కు ఇచ్చేది మాస్టర్ బీఎల్. దానిలో గ్డాన్స్క్‌లోని ఫార్వర్డర్ ఏజెంట్ కన్సైనీగా ఉంటాడు. మీరు చూడవలసినది ఒకటే: మీ ఎల్‌సీ హౌస్ బీఎల్‌ను ఒప్పుకుంటుందా లేదా. ఓడ కంపెనీ బీఎల్ కావాలని ఎల్‌సీ అంటే ఆ మాట ఇన్‌స్ట్రక్షన్స్ మొదటి వరుసలోనే రాయాలి.

## ప్రత్యేక జాగ్రత్తలు

మేము ఎప్పుడూ ‘హ్యాండిల్ విత్ కేర్’ అని రాస్తాం. ఇంకేం రాయాలి?

ఆ మాట ఎవరికీ ఏ పనీ చెప్పదు. అందరూ అన్నిటి మీదా అదే రాస్తారు. ఏ యంత్రం తేవాలి, ఎంత బరువు లేపాలి, ఏది ముందు విప్పాలి, ఏది విప్పకూడదు అన్నది తెలియాలి. చదివేవాళ్ళు ఇద్దరు. ఖాళీ కంటైనర్ ఎంచే యార్డు మనిషి ఒకరు, అక్కడ తలుపు తెరిచి సరుకు దించే మనిషి ఇంకొకరు.

స్లాబులు నిలువుగా, అంచు మీద నిలబడి ప్రయాణం చేస్తాయి. పది స్లాబుల బండిల్ ఒకటి మూడు టన్నుల పైమాటే. కంటైనర్ నేల చెక్క ఒకచోట పుచ్చి ఉంటే ఆ బరువుకు కుంగి బండిల్ పక్కకు వాలుతుంది. అందుకే నేల గట్టిగా, మేకులు లేకుండా ఉన్న కంటైనర్ కావాలని రాయాలి, వచ్చాక లోపల నడిచి చూసుకోవాలి. అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం దింపేటప్పుడు వస్తుంది. అడ్డు చెక్కలు ముందుగా కోసేస్తే బండిల్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. దానికీ కంటైనర్ గోడకూ మధ్య మనిషి ఉంటే ప్రాణం దక్కదు. కాబట్టి ఆ ఒక్క వాక్యాన్ని ఇన్‌స్ట్రక్షన్స్‌లో రాయడమే కాకుండా కాగితం మీద ముద్రించి తలుపు లోపలి వైపు, తెరవగానే కంటికి కనబడేలా అంటించాలి.

మేము పంపే వాక్యాలు దాదాపు ఇలా ఉంటాయి:

```
1 x 20' GP, SOUND FLOOR, NO NAILS
POLISHED GRANITE SLABS, STANDING ON EDGE, 8 BUNDLES
HEAVIEST BUNDLE ABOUT 3,100 KG
UNLOAD THROUGH DOOR BY FORKLIFT WITH BOOM
DO NOT CUT BRACING UNTIL BUNDLE IS HELD BY SLING
```

కంటైనర్‌కు 28 టన్నులు పడుతుందంటారు. నిండా వేస్తే ఏమవుతుంది?

20 అడుగుల కంటైనర్ గరిష్ఠ మొత్తం బరువు సాధారణంగా 30,480 కిలోలు. అది ఉక్కు పెట్టె ఓర్చుకునే బరువు. ఓడ కంపెనీ అంగీకరించే బరువు, అక్కడి రోడ్డు అనుమతించే బరువు దీనికంటే తక్కువ ఉండవచ్చు. మన లెక్క ఆ చివరి దానితో మొదలు కావాలి.

స్లాబు 2.80 మీటర్ల పొడవు, 1.80 మీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం అనుకుందాం. వైశాల్యం 5.04 చదరపు మీటర్లు, ఘనపరిమాణం 0.1008 ఘనపు మీటర్లు. గెలాక్సీ ఘనపు మీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది కాబట్టి ఒక్కో స్లాబు 302 కిలోలకు కొంచెం ఎక్కువ. 80 స్లాబులు వేస్తే రాయి 24,192 కిలోలు, ఫ్రేములూ అడ్డు చెక్కలూ కలిపి 800, ఖాళీ కంటైనర్ 2,230. మొత్తం 27,222 కిలోలు. పెట్టె హద్దుకు ఇంకా మూడు టన్నులు దిగువనే ఉన్నాం, ఇక్కడి ఫ్యాక్టరీలో అందరూ సంతోషిస్తారు.

అయితే యూరప్ రోడ్ల మీద లారీ మొత్తం బరువుకు సాధారణ హద్దు 40 టన్నులు. అక్కడి ట్రాక్టరు, ట్రెయిలరు కలిపి 13 టన్నులు తూగితే 27,222కు అది కలిసి 40 టన్నులు దాటిపోతుంది, ఆ 222 కిలోల కోసం సరుకు రేవులోనే ఆగుతుంది. నాలుగు స్లాబులు తగ్గించి 76 వేస్తే మొత్తం సుమారు 26,012 కిలోలు అవుతుంది, లారీతో కలిపి 39 టన్నుల దగ్గర నిలుస్తుంది. ముందు వైపు 10, 10, 9, 9, తలుపు వైపు 10, 10, 9, 9 చొప్పున ఎనిమిది బండిల్స్ కడితే రెండు కొసలూ సమంగా తూగుతాయి. కొనుగోలుదారు దగ్గర ఎంత బరువు లారీ వస్తుందో ఆర్డర్ ఖరారు చేసే రోజే అడగండి. ఇన్వాయిస్ 80 స్లాబులకు కట్టాక నాలుగు దించడం అంటే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు మూడూ మళ్ళీ రాయాలి.

పొడవు విషయం కూడా గమనించండి. కంటైనర్ లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు. 2.80 మీటర్ల బండిల్స్ రెండు వరుసగా పడతాయి. కొనుగోలుదారు 3 మీటర్ల స్లాబులు అడిగితే రెండు పట్టవు.

ఫ్రేముల కలప మీద ముద్ర గురించి ఇన్‌స్ట్రక్షన్స్‌లో రాయాలా?

రాయాలి. ప్యాకింగ్ కలప ఐఎస్‌పీఎం-15 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం శుద్ధి చేసినదని, ముద్ర ఉన్నదని ఒక వాక్యం చాలు. వేడి పద్ధతిలో శుద్ధి చేయడమంటే కలప నడిబొడ్డు 56 డిగ్రీల వేడిని ఆగకుండా 30 నిమిషాలు పొందాలి. ముద్రలో గోధుమ కంకి గుర్తు, ఇండియాకు ఐఎన్, శుద్ధి చేసిన సంస్థ నంబరు, హెచ్‌టీ అన్న అక్షరాలు ఉంటాయి.

ఫ్రేములకు ముద్ర ఉంటుంది. తప్పు జరిగేది అడ్డు చెక్కల దగ్గర. కంటైనర్ లోపల చివరి గంటలో ఒక చెక్క పొట్టిగా ఉందని, వడ్రంగి ఫ్యాక్టరీ మూలన పడి ఉన్న తుమ్మ కర్రనో సరుగుడు కర్రనో కోసి దూరుస్తాడు. దాని మీద ముద్ర ఉండదు, బెరడు కూడా ఉంటుంది. అక్కడి తనిఖీ అధికారి ఆ ఒక్క ముక్క చూసి మొత్తం కంటైనర్‌ను ఆపవచ్చు. ఎక్కింపు రోజున ముద్ర ఉన్న చెక్కలు పది ముక్కలైనా అదనంగా దగ్గర పెట్టుకోండి. తలుపు మూసేముందు ప్రతి చెక్క ముద్ర కనబడేలా ఫోటో తీయండి.

వీజీఎం మేమే ఇవ్వాలా, కాటా చీటీ పంపితే చాలా?

ఇవ్వవలసిన బాధ్యత షిప్పర్‌గా మీదే. 2016 జూలై 1 నుంచి వీజీఎం, అంటే ధ్రువీకరించిన మొత్తం బరువు, లేని కంటైనర్‌ను ఓడ ఎక్కించడానికి వీల్లేదు. కాటా చీటీ ఒక్కటే చాలదు, ఎందుకంటే దానిలో లారీ బరువు కూడా కలిసి ఉంటుంది. ఖాళీ లారీ బరువును తీసివేయాలి, సరుకు, చెక్కలు, కంటైనర్ సొంత బరువు మూడూ కలిసిన అంకె మిగలాలి. కంటైనర్ సొంత బరువు దాని తలుపు మీదే రాసి ఉంటుంది. కంటైనర్ నంబరు, సంతకం చేసిన బాధ్యుని పేరు వీజీఎం కాగితం మీద ఉండాలి.

## పంపిన తరువాత

డ్రాఫ్ట్ బీఎల్ వచ్చింది. దేన్ని చూడాలి?

ఇద్దరు కూర్చుని చూడాలి. ఒకరు డ్రాఫ్ట్‌ను బయటికి చదవాలి, రెండోవారు ఎల్‌సీని గాని, ఇన్‌స్ట్రక్షన్స్ ప్రతిని గాని చూపుతూ అనుసరించాలి. ఒక్కరే రెండింటినీ చూస్తే కన్ను తాను ఊహించినదాన్నే చదువుతుంది. కంటైనర్ నంబరు, సీలు నంబరు ఫోటోలతో పోల్చండి. 0, ఓ అక్షరం తారుమారు కావడం మామూలే. స్లాబుల సంఖ్య, బండిల్స్ సంఖ్య రెండూ ఉన్నాయా చూడండి. 8 ప్యాకేజీల దగ్గర 76 అని పడితే రేవులో ఎనిమిదే కనబడి 68 తక్కువని రాసుకుంటారు. దించే రేవు పేరు, కిరాయి ముందే కట్టినదా అక్కడ కట్టేదా అన్న మాట కూడా చూడాలి. సరిపోయిందని ఒక మెయిల్‌లో ఒప్పుకున్నాకే ఫార్వర్డర్ ఒరిజినల్ ముద్రిస్తాడు.

ఒరిజినల్ ముద్రించాక తప్పు కనబడింది. ఇప్పుడేం చేయాలి?

ఓడ ఇంకా కదలకపోతే వెంటనే ఫోను చేసి, ఆ వెంటనే మెయిల్ కూడా పెట్టండి. మూడు ఒరిజినల్స్ తిరిగి ఇస్తే కొత్తవి ఇస్తారు, సవరణ రుసుము పడుతుంది. ఓడ కదిలిపోతే కస్టమ్స్ దగ్గర దాఖలైన మానిఫెస్టు కూడా సవరించవలసి రావచ్చు, దానికి కాగితాలు, రోజులు ఎక్కువ పడతాయి. నోటిఫై పార్టీ ఫోను నంబరు వంటి తప్పయితే బీఎల్ మార్చకుండానే గమ్యం రేవులోని ఏజెంట్‌కు సరైన వివరం పంపమని ఫార్వర్డర్‌ను అడగవచ్చు. కన్సైనీ తప్పయితే ఆ దారి లేదు, ఒరిజినల్స్ మార్పించుకోవలసిందే. ఎలాంటి తప్పయినా పెన్నుతో కొట్టివేసి పక్కన రాయకండి. ఓడ కంపెనీ లేదా దాని ఏజెంట్ ధ్రువీకరణ లేని దిద్దుబాటును బ్యాంకు ఒప్పుకోదు.